మచ్చకూ బీజానికీ మధ్య నాలుగైదు రోజులు

నల్లమచ్చ తెగులు గులాబీ మొక్కకు కింది ఆకుల్లో మొదలవుతుంది. వానలు పట్టిన రెండు మూడు వారాలకు, మట్టికి దగ్గరగా ఉన్న ఆకుల పైభాగాన మిరియపు గింజంత నల్ల చుక్క కనిపిస్తుంది. అది పెరిగి చిటికెన వేలి గోరంత అవుతుంది. దాని చుట్టూ ఆకుపచ్చ వెలిసిపోయి పసుపు వలయం ఏర్పడుతుంది. ఆ పసుపు ఆకంతా పాకుతుంది. తర్వాత ఒక రోజు చేయి తగిలితే చాలు, ఆకు రాలిపోతుంది. ఆగస్టు చివరికల్లా కొమ్మల కొసన నాలుగు లేత ఆకులు, ఒకటి రెండు చిన్న పూలు మాత్రమే మిగిలిన మొక్కలు మిద్దె తోటల్లో ఎన్నో కనిపిస్తాయి.

ఈ తెగులుకు అందరూ చెప్పే మొదటి మందు, మచ్చలున్న ఆకుల్ని తుంచెయ్యమని. చాలామంది తుంచుతారు కూడా. కొందరికి మొక్క నిలబడుతుంది, కొందరికి నెల తిరక్కుండానే మళ్లీ బోడిదవుతుంది. ఒకే పని చేసినా ఫలితం ఇలా వేరువేరుగా రావడానికి కారణం ఏ ఆకులు తీశారన్నది కాదు, ఎప్పుడు తీశారన్నది. అది అర్థం కావాలంటే ముందు ఆ మచ్చలో ఏం జరుగుతోందో చూడాలి.

మచ్చ లోపల

మచ్చ పడిన ఆకును ఒకటి కోసి, ఎండ వెలుగులో భూతద్దం కింద పెట్టండి. మొదట కనిపించేది దాని అంచు. అది గీత గీసినట్టు నున్నగా ఉండదు, కుచ్చులు కుచ్చులుగా, ఈక అంచులా చీలికలు తీరి ఉంటుంది. ఆకు పైనున్న పలుచని మైనపు పొర కింద శిలీంధ్రపు పోగులు మధ్యనుంచి నలువైపులా పాకుతుంటాయి కాబట్టి అంచు అలా కనిపిస్తుంది. ఈ శిలీంధ్రం పేరు డిప్లోకార్పాన్ రోజే. 1815లోనే స్వీడన్ శాస్త్రవేత్త ఇలియాస్ ఫ్రైస్ దీన్ని నమోదు చేశాడు. ఇది గులాబీ జాతి మొక్కల్ని తప్ప వేరే మొక్కను పట్టదు. పక్కనున్న మందారానికో మల్లెకో నల్ల చుక్కలు వస్తే దానికి కారణం వేరు.

గులాబీకే వచ్చే వేరే మచ్చలు కూడా ఉన్నాయి. సెర్కోస్పోరా మచ్చకు అంచు నున్నగా గుండ్రంగా ఉంటుంది, నడిమి భాగం బూడిద రంగుకు తిరుగుతుంది. డౌనీ మిల్డ్యూ తెగులు మచ్చలు ఊదారంగులో, ఈనెల మధ్య ఇరుక్కున్నట్టు కోణాలుగా ఉంటాయి. ఈక అంచు ఉన్న నల్లమచ్చ, దాని చుట్టూ పసుపు, ఈ రెండూ కలిసి కనిపిస్తే అది నల్లమచ్చ తెగులే.

ఇప్పుడు భూతద్దాన్ని మచ్చ మధ్యకు జరపండి. మచ్చ పాతదైతే అక్కడ సూదిమొనంత నల్లని బొడిపెలు ఉంటాయి. ఒక్కో బొడిపె ఒక బీజాల గది. ఆకు తడిసినప్పుడు దాని పైపొర పగులుతుంది, లోపలినుంచి జిగురులాంటి తెల్లటి ముద్ద బయటికి వస్తుంది. ఆ ముద్ద నిండా సిద్ధబీజాలే. జిగురు ఉండటం వల్ల అవి పొడిగాలికి ధూళిలా ఎగరలేవు. వానచినుకు మచ్చమీద పడి చిందితే ఆ తుంపరతో పైఆకుకో పక్కకొమ్మకో చేరతాయి. గొట్టం పెట్టి మొక్క నెత్తిన నీళ్లు కొట్టినా అదే జరుగుతుంది. తడి ఆకుల్ని తాకిన వేళ్లు, కత్తెర, చీరకొంగు కూడా వాటిని మోసుకుపోతాయి. తెగులు కింది ఆకుల్లో మొదలై మెట్టు మెట్టుగా పైకెక్కడానికి కారణం ఈ చిందే నీరే.

కొత్త ఆకుమీద పడిన బీజం వెంటనే ఏమీ చెయ్యలేదు. అది మొలకెత్తి ఆకు పొరను చీల్చుకుని లోపలికి వెళ్లేదాకా ఆకు తడిగానే ఉండాలి. ఆ సమయం కనీసం ఏడు గంటలు. ఈలోపు ఆకు ఆరిపోతే చాలావరకు బీజం అక్కడే ముగిసిపోతుంది. వేడి 20 నుంచి 25 డిగ్రీల మధ్య ఉంటే దీనికి బాగా అనుకూలం. 32, 33 డిగ్రీలు దాటితే పెరుగుదల మందగించి ఆగిపోతుంది. అందుకే తెలుగు నేలమీద ఏప్రిల్, మే నెలల్లో ఈ తెగులు కనిపించదు. జులై ముసురులో, సెప్టెంబరు రాత్రి వానల్లో విజృంభిస్తుంది. వేసవిలో అది చచ్చిపోదు. మిగిలిన పాత ఆకుల్లో, కొమ్మ బెరడు మీది ఊదా మచ్చల్లో తలదాచుకుని తొలకరి కోసం కాచుకుని ఉంటుంది.

పసుపు వలయం శిలీంధ్రం చేసిన రంగు కాదు, మొక్క పడిన అవస్థకు గుర్తు. తెగులు సోకిన ఆకు ఇథిలీన్ వాయువును ఎక్కువగా విడుదల చేస్తుంది. అరటికాయను పండించేది కూడా ఇథిలీనే. దాని ప్రభావంతో ఆకులోని పచ్చదనం కరిగిపోతుంది, కాడ మొదట్లో రాలుడు పొర ఏర్పడి ఆకు ఊడిపోతుంది. ఆకు రాలిపోయింది కదా అని తెగులు పోయిందనుకోవడానికి లేదు. మట్టిమీద తడిగా పడి ఉన్న ఆ ఆకులో శిలీంధ్రం బతికే ఉంటుంది. వాన పడినప్పుడల్లా బొడిపెలు పగులుతాయి, బీజాలు కింది ఆకులమీదికే చిందుతాయి.

ఒక కుండీ లెక్క

తుంచడం వల్ల మొక్కకు దక్కేది ఏమిటో అంకెల్లో చూడవచ్చు. దక్షిణాఫ్రికాకు చెందిన మొక్కల తెగుళ్ల శాస్త్రవేత్త వాండర్‌ప్లాంక్ 1963లో వెలువరించిన గ్రంథంలో ఈ విషయానికి గణితం కట్టాడు. తెగులు ప్రతి తరానికీ ఇన్ని రెట్లని చక్రవడ్డీలా పెరుగుతుంది. తెగులు సోకిన భాగాల్ని తీసెయ్యడమంటే అసలులో కొంత తీర్చడం. దానివల్ల అప్పు పూర్తిగా పోదు, పెరగడానికి పట్టే కాలం మాత్రం సాగుతుంది. ఎంత సాగుతుందన్నది వడ్డీ రేటునుబట్టి ఉంటుంది.

హైదరాబాదులో ఒక మిద్దెమీద ఒక గులాబీ కుండీ ఉందనుకుందాం. జులై నడిమికి దానిమీద 20 మచ్చలున్నాయి. బీజం పడ్డప్పటినుంచి కొత్త బీజాలు పుట్టి మళ్లీ సోకేదాకా సుమారు రెండు వారాలు పడుతుందనీ, ముసురు రోజుల్లో ఒక్కో మచ్చ పది మచ్చల్ని పుట్టిస్తుందనీ పెట్టుకుందాం. ఈ పది అన్నది లెక్క తేలిగ్గా సాగడానికి తీసుకున్న అంకె. 20 మచ్చలు రెండు వారాలకు 200, నాలుగు వారాలకు 2000 అవుతాయి. రెండు వేల మచ్చలంటే ఆ మొక్కకు ఇక ఆకు మిగలదు. ఆగస్టు నడిమికే మొక్క బోడిదవుతుంది.

ఇప్పుడు ఆ ఇంటావిడ జులై నడిమిలోనే మచ్చల ఆకులు తుంచింది. 20 మచ్చల్లో 18 పోయాయి, రెండు కంటబడలేదు. ఆ రెండే 20, తర్వాత 200, తర్వాత 2000 అవుతాయి. దీనికి ఆరు వారాలు పడుతుంది. అంటే తొంభై శాతం తెగులును తీసేసిన శ్రమకు దక్కింది రెండు వారాల గడువు. ఆగస్టు నడిమికి రావలసిన గతి ఆగస్టు చివరికి వచ్చింది. ‘తుంచాను, ఏం లాభం లేదు’ అనేవాళ్ల అనుభవం ఇదే. ఆవిడ పనిలో తప్పేమీ లేదు, వడ్డీ రేటు తగ్గలేదంతే.

ఆవిడ తుంచడంతోపాటు ఇంకో రెండు పనులు కూడా చేసిందనుకుందాం. కుండీల మధ్య మూరెడు ఎడం పెట్టి గాలి ఆడేలా చేసింది. సాయంత్రం ఆకులమీద నీళ్లు కొట్టడం మానేసి, పొద్దున్నే మగ్గుతో మొదట్లో మాత్రం పోసింది. ఆకులు వాన వెలిశాక త్వరగా ఆరుతున్నాయి, ఏడు గంటల తడి దొరకడం తగ్గింది. ఒక్కో మచ్చ ఇప్పుడు పదికి బదులు రెండింటినే పుట్టిస్తోంది. మిగిలిన రెండు మచ్చలు 4, 8, 16 అవుతూ రెండు వేలకు చేరడానికి పది తరాలు, అంటే ఇరవై వారాలు పడుతుంది. జులై నడిమినుంచి ఇరవై వారాలంటే డిసెంబరు మొదలు. అప్పటికి వానలు ఎప్పుడో వెళ్లిపోయి ఉంటాయి, మొక్క కత్తిరింపు కూడా అయిపోయి ఉంటుంది. ఆవిడ తుంచకుండా ఆకుల్ని ఆరబెట్టి ఉంటే, అదే లెక్కన అక్టోబరు నడిమికే మొక్క బోడిదయ్యేది. అంటే ముసురు పెరుగుదలలో రెండు వారాలే తెచ్చిన ఆ పద్దెనిమిది మచ్చల తీసివేత, పెరుగుదల నెమ్మదించాక నెలన్నర తెచ్చింది.

నల్లమచ్చను మొక్కనుంచి పూర్తిగా తరిమెయ్యడం వానాకాలంలో అయ్యే పని కాదు. వానలు ముగిసేదాకా మొక్కమీద సరిపడా ఆకు నిలిపితే మొక్క గట్టెక్కినట్టే.

ఎప్పుడు తుంచాలి

ఈ లెక్కలో ఇంకా ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఒకసారి తుంచడం అసలును తగ్గిస్తుంది. పదే పదే, సరైన వేళకు తుంచడం వడ్డీ రేటునే తగ్గిస్తుంది.

అనుకూలమైన వాతావరణంలో బీజం సోకిన అయిదారు రోజులకు కంటికి మచ్చ కనిపిస్తుంది. కొన్నిసార్లు ఇంకా ముందే. కానీ ఆ మచ్చ మధ్య బొడిపెలు తయారై బీజాలు విడవడానికి సోకినప్పటినుంచి పది పన్నెండు రోజులు పడుతుంది. అంటే మచ్చ మనకు కనపడ్డాక, అది పక్క ఆకులకు అపాయంగా మారడానికి మధ్య నాలుగైదు రోజుల వ్యవధి ఉంది. ఈ వ్యవధిలో ఆకును తీసేస్తే ఆ మచ్చ ఒక్క బీజాన్ని కూడా విడవకుండా పోతుంది. అన్ని మచ్చలూ అలా పోతే తెగులుకు తర్వాతి తరమే ఉండదు.

అందుకే నెలకోసారి చేసే పెద్ద శుభ్రతకన్నా వారానికి రెండుసార్లు చేసే పది నిమిషాల పని ఎంతో మేలు చేస్తుంది. పసుపు వలయం బాగా తెలిసేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. అప్పటికి చాలా మచ్చల్లో బొడిపెలు పండి ఉంటాయి. ఇంకా పచ్చగానే ఉన్న ఆకుమీద మిరియపు గింజంత చుక్క కనపడ్డప్పుడే తీసెయ్యాలి. బాగున్న ఆకును పోగొట్టుకుంటున్నామనే బాధ ఇక్కడే చాలామంది చేతిని ఆపుతుంది. ఆ ఆకు ఎలాగూ మూడు వారాల్లో రాలిపోయేదే. రాలేలోపు అది చుట్టూ ఉన్న ఆకులకు అంటించేది మాత్రం చాలా ఎక్కువ.

ఒకసారి తుంచితే ఎందుకు చాలదో కూడా ఇక్కడే తెలుస్తుంది. ఇవాళ మచ్చలన్నీ తీసేసినా, గత నాలుగైదు రోజుల్లో సోకి ఇంకా పైకి కనపడని ఆకులు మొక్కమీద పచ్చగా ఉంటాయి. అవి రేపో ఎల్లుండో బయటపడతాయి. తుంచిన మూడో రోజున కొత్త మచ్చలు కనిపిస్తే పని వృథా అయిందని వదిలెయ్యకూడదు. అవి పాత సోకుడు. ఆ రెండో విడత తీసేస్తే గొలుసు తెగుతుంది.

తుంచే తీరు

ఆకులు పూర్తిగా ఆరి ఉన్నప్పుడే మొక్కను ముట్టుకోవాలి. వాన వెలిసిన వెంటనే చేస్తే మన చేతులే తెగులును ఆకు ఆకుకూ రాస్తాయి. చాలా కుండీలుంటే బాగున్న వాటిని ముందు చూసి, తెగులున్న వాటిని చివరికి ఉంచుకోవాలి.

గులాబీలో ఒకే కాడకు అయిదో ఏడో చిన్న ఆకులుంటాయి. వృక్షశాస్త్రం ప్రకారం అవన్నీ కలిపి ఒకే ఆకు. వాటిలో ఒక్కదానికి మచ్చ ఉన్నా కాడతో సహా మొత్తం తీసెయ్యడం మంచిది. కొమ్మను కుదపకుండా, ఒక చేత్తో కాడ కింద పట్టుకుని రెండో చేత్తో కాడ మొదట్లో చిన్న కత్తెరతో కత్తిరించాలి. లాగి పీకితే బెరడు చీలి, అక్కడే ఉన్న మొగ్గ దెబ్బతింటుంది. రాబోయే కొమ్మ పుట్టేది ఆ మొగ్గలోంచే. తీసిన ఆకు కిందపడకుండా వెంట ఉంచుకున్న కవరులో వేయాలి. తర్వాత కుండీలోనూ కుండీల సందుల్లోనూ రాలిన ఆకుల్ని ఒక్కటి మిగలకుండా ఏరాలి. మొక్కమీది ఆకులు తీసి, కిందివి వదిలేస్తే సగం పనే చేసినట్టు.

ఈ ఆకుల్ని ఇంటి ఎరువు కుండీలో వెయ్యకూడదు. బాగా వేడెక్కిన పెద్ద ఎరువు కుప్పలో శిలీంధ్రం చస్తుంది కానీ, మేడమీది చిన్న డబ్బాలు అంత వేడెక్కవు. కవరు మూతి కట్టి చెత్తబండికి ఇవ్వాలి, లేదా మొక్కలకు దూరంగా లోతుగా పూడ్చాలి. కుండీల్లో పైమట్టి మీద ఎండు ఆకులో కొబ్బరి పీచో పరిస్తే చినుకు మట్టినుంచి చిందడం తగ్గుతుంది.

ఆకులతోపాటు లేత కొమ్మల్ని కూడా చూడాలి. వాటిమీద ఊదా ఎరుపు రంగులో కాస్త ఉబ్బిన మచ్చలుంటే, మచ్చకు కింద, బాగున్న మొగ్గకు కొంచెం పైన కత్తిరించాలి. ఆకులన్నీ తీసినా ఏటా తొలకరికి తెగులు మళ్లీ తలెత్తుతుంటే, అది చాలాసార్లు ఈ కొమ్మల్లోంచే వస్తుంది.

తుంచడానికి హద్దు

ఆకులే మొక్కకు తిండి వండిపెట్టేవి. సగానికి పైగా ఆకులకు మచ్చలు వచ్చాక, అన్నిటినీ ఒకేసారి తుంచెయ్యడం తెగులు చేసే పనినే మనం చెయ్యడం అవుతుంది. మొక్క నిల్వ ఉన్న శక్తినంతా కొత్త చిగుళ్లకు ఖర్చు చేస్తుంది. ఆ లేత చిగుళ్లే నల్లమచ్చకు ఎక్కువ లొంగేవి కూడా. అలాంటి మొక్కకు ముందుగా నేలమీదివి, పూర్తిగా పసుపు తిరిగినవి, మచ్చలు కలిసిపోయినవి తీయాలి. ఒకటి రెండు చుక్కలున్న పచ్చి ఆకుల్ని కొత్త ఆకులు విచ్చుకునేదాకా ఉంచి, తర్వాతి వారాల్లో కొన్ని కొన్నిగా తీయాలి.

ఈ దశలో మందు సాయం కావాలి. మాంకోజెబ్ లీటరు నీటికి 2.5 గ్రాములు కలిపి ఆకుల పైనా కిందా తడిసేలా పిచికారి చేస్తారు. ఇది ఆకుమీద పొరలా నిలిచి, కొత్తగా పడే బీజాన్ని మొలకెత్తనివ్వదు. ఉన్న మచ్చను మాత్రం మాన్పలేదు. అందుకే మచ్చల ఆకులు తీసిన తర్వాతే కొట్టాలి. లీటరుకు గ్రాము చొప్పున వాడే కార్బెండజిమ్ ఆకులోకి ఇంకుతుంది. కానీ అదొక్కటే వరసగా కొడితే దానికి లొంగని శిలీంధ్రం మిగిలి పెరుగుతుంది కాబట్టి మందులు మార్చి మార్చి వాడాలి. గుల్కందుకోసమో తినడానికో పెంచే గులాబీలకు ఈ మందులు వాడకూడదు. అక్కడ తుంచడం, ఆరబెట్టడం, మొక్కకు వాన తగలని చోటు చూపడం, ఇవే ఉపాయాలు. పాలీహౌసుల్లో డ్రిప్పు కింద పెంచే డచ్ గులాబీలకు బూడిద తెగులు వస్తుంది కానీ నల్లమచ్చ అరుదు. పైకప్పు కింద ఆకు తడవదు, కాబట్టి బీజానికి ఏడు గంటల తడి దొరకదు. పై అంతస్తు బాల్కనీ నీడలో ఉండి, వెలుతురు మాత్రం అందే చోటికి వానాకాలంలో కుండీని జరిపినా అదే మేలు కొంతవరకు దక్కుతుంది.

మొక్క రకం కూడా ముఖ్యమే. ఫ్రాన్సులోని లియోన్ నగరపు పెంపకందారు పెర్నే దూషే పర్షియన్ ఎల్లో అనే పసుపు గులాబీతో సంకరం చేసి, 1900లో సొలెయ్ దోర్ అనే రకాన్ని విడుదల చేశాడు. మన తోటల్లోని పసుపు, నారింజ రంగు గులాబీలకు ఆ రంగు చాలావరకు అటునుంచే వచ్చింది. ఆ పసుపు గులాబీ నల్లమచ్చకు తేలిగ్గా లొంగేది కూడా. ఆ బలహీనత రంగు వెంటే తోటల్లోకి దిగింది. ఇందుకు ఎదురుగా, అమెరికాలో విలియం ర్యాడ్లర్ రూపొందించి 2000లో మార్కెట్‌కు వచ్చిన నాకౌట్ గులాబీ నల్లమచ్చను బాగా తట్టుకుంటుందని పేరు తెచ్చుకుంది. అయితే ఈ శిలీంధ్రంలో ఎన్నో తెగలున్నాయి. ఒక ఊళ్లో తట్టుకున్న రకం, వేరే తెగ ఉన్న చోట లొంగిపోవచ్చు. నర్సరీలో మొక్క కొనేటప్పుడు పువ్వుతోపాటు కింది ఆకుల్ని కూడా తిప్పి చూసి, ఈక అంచు మచ్చ ఒక్కటి కనిపించినా ఆ మొక్కను తెచ్చుకోకపోవడం మంచిది.

ఏడాది మొత్తంలో ఆకు తీయడం అన్నిటికన్నా ఎక్కువ ఫలించేది అక్టోబరులో, వానలు తగ్గాక చేసే కత్తిరింపు వేళ. అప్పుడు మొక్కను ఎలాగూ సగానికి కత్తిరిస్తారు. మిగిలిన కొమ్మలమీది పాత ఆకుల్ని కూడా అప్పుడే తీసేసి, ఊదా మచ్చల కొమ్మలు కోసేసి, నేలంతా ఏరితే మొక్కమీద తెగులు నూటికి ఒకటో రెండో వంతుకు పడిపోతుంది. పెరుగుదల రేటు కూడా తగ్గే కాలం అదే, వాన ఉండదు, పొద్దెక్కేసరికి మంచు ఆరిపోతుంది. జులైలో రెండు వారాల గడువే ఇచ్చిన పని, అక్టోబరులో చేస్తే శీతాకాలపు పూత మొత్తాన్ని నిలబెడుతుంది. వానాకాలమంతా వారానికి రెండుసార్లు మచ్చల ఆకులు తీస్తూ మొక్కను అంతవరకు ఆకుతో నడిపించిన వాళ్లకు, ఆ కత్తిరింపు తర్వాత వచ్చే కొత్త ఆకులు చాలావరకు మచ్చ లేకుండానే వస్తాయి.